16 ఏళ్ల పిల్లలతో ఫోన్, ఇంటికొచ్చే టైమ్ గురించి ఒప్పందం కుదుర్చుకోవడం ఎలా?

ఇంటర్‌లో చేరగానే ఇంట్లో రెండు గొడవలు మొదలవుతాయి. రాత్రి ఫోన్ ఎక్కడ ఉండాలనేది ఒకటి, ఎన్నింటికి ఇంటికి రావాలనేది ఇంకొకటి. ఈ వయసులో ఆర్డర్ వేస్తే మీ ఎదురుగా "సరే" అంటారు, వెనకాల వాళ్లకు తోచిందే చేస్తారు. అందుకని కూర్చుని మాట్లాడుకోవడమే దారి. అలాగని అన్నీ బేరానికి పెట్టక్కర్లేదు.

ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి

అమ్మ తొమ్మిదంటే నాన్న పదన్నాడని తెలిసిన క్షణమే పిల్లలు బేరం గెలిచినట్టు. వాళ్లతో కూర్చునే ముందే భార్యాభర్తలు మాట్లాడుకుని, కదలని విషయాలు రెండో మూడో తేల్చుకోండి. నా లెక్కలో అవి మూడు: ఎక్కడున్నారో ఇంట్లో ఒకరికి తెలియాలి, తాగినవాళ్లు నడిపే బండి ఎక్కకూడదు, బండి తాళం చేతికివ్వకూడదు.

మూడోది మన ఊళ్లలో చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 16 ఏళ్లకు లైసెన్స్ వచ్చేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే, మనిళ్లలో ఉండే స్కూటర్లకు ఇది వర్తించదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఈ సంగతి పిల్లలకు చెబితే, అది మీ చాదస్తం కాదని వాళ్లకే అర్థమవుతుంది.

మిగతావన్నీ మాట్లాడుకోవచ్చు.

టైమ్ కాదు, తిరిగొచ్చే దారి మాట్లాడండి

కూకట్‌పల్లిలో ఒక ఇల్లు అనుకోండి. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. శనివారం ఫ్రెండ్స్‌తో పంజగుట్ట మాల్‌లో సినిమాకి వెళ్తానంది. అమ్మ తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలంది, అమ్మాయి పదిన్నర అంది. "అన్నయ్య ఇంటర్‌లో ఉన్నప్పుడు ఎప్పుడొచ్చినా అడగలేదుగా!" అని కూడా అంది. ఆ మాట నిజం. దానికి "నువ్వు ఆడపిల్లవి" అని జవాబిస్తే మాట అక్కడే తెగిపోతుంది. "అప్పుడు అడగకపోవడం మా పొరపాటు, ఇకమీదట అన్నయ్య కూడా ఎక్కడున్నాడో చెప్పే వెళ్తాడు" అంటే మాట ముందుకు సాగుతుంది. అన్నాక అమలు చేయాలి మరి.

తర్వాత తొమ్మిదా, పదిన్నరా అని లాగులాడటం మానేసి లెక్క వేయండి. ఆరున్నర ఆట తొమ్మిదింపావుకి అయిపోతుంది. మాల్ నుంచి బయటపడి స్టేషన్‌కి నడిచి మెట్రో ఎక్కేసరికి తొమ్మిది నలభై. పంజగుట్ట నుంచి కేపీహెచ్‌బీ కాలనీకి అదే లైను, రైలు మారక్కర్లేదు, సుమారు అరగంట. పది పదికి నాన్న స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాడు. ఇంటికి చేరేది పదీ ఇరవైకి. ఈ లెక్క చూస్తే అమ్మ చెప్పిన తొమ్మిదికి సినిమా సగంలో లేచి రావాలి, అమ్మాయి చెప్పిన పదిన్నరేమో దాదాపు సరిపోయింది. అదే రోజు ఆటోలో ఒక్కతే రావాల్సి ఉంటే జవాబు వేరు: మధ్యాహ్నం ఆటకి వెళ్లి చీకటి పడేలోపు రావాలి. కాలేజీ ఉండే రోజుల్లో ట్యూషన్ అయ్యాక ఎనిమిదిన్నర చాలు.

ఆలస్యమైతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. చెప్పిన టైమ్ దాటాక "సారీ అమ్మా" అనడం వేరు, దాటకముందే "రైలు లేటు, ఇంకో ఇరవై నిమిషాలు" అని మెసేజ్ పెట్టడం వేరు. రెండోది తప్పు కిందికి రాదు. "ఛార్జింగ్ అయిపోయింది" అనే సాకు ఒకసారికే చెల్లుతుంది. బయల్దేరేటప్పుడే పవర్ బ్యాంక్ బ్యాగులో పెట్టించండి.

ఒక రహస్య మెసేజ్ కూడా పెట్టుకోండి. "అమ్మమ్మకి మందులు ఇచ్చావా?" అని వస్తే, ఇక్కడ నాకు బాగోలేదు, వచ్చి తీసుకెళ్లు అని అర్థం. పక్కనున్నవాళ్ల ముందు పరువు పోకుండా బయటపడే దారి అది. అలా పిలిచిన రాత్రి దారిలో ప్రశ్నలు వద్దు. మర్నాడు టిఫిన్ తిన్నాక మాట్లాడుకోండి. ఆ రాత్రి కారులోనే క్లాసు పీకితే, ఇంకోసారి ఆ మెసేజ్ రాదు.

ఫోన్: రాత్రి సంగతి ముందు తేల్చండి

రోజుకి ఎన్ని గంటలు అని లెక్కలు కడితే రోజూ తగువే, ఎందుకంటే పాఠాలు, కాలేజీ గ్రూపులు కూడా ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. నిద్ర దగ్గర మొదలుపెట్టండి. ఈ వయసులో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఉదయం ఆరున్నరకి లేవాలంటే పదిన్నరకి ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి. సినిమా రాత్రి మినహాయింపు. అలారం కావాలంటారు, అలారం గడియారం కొనివ్వండి. గ్రూపులో హోమ్‌వర్క్ రాత్రి పదకొండుకి వస్తుందంటారు, అది కొన్ని కాలేజీల్లో నిజమే. పొద్దున లేచాక చూసుకోమనండి. నాన్న ఫోన్ కూడా అదే ప్లగ్ దగ్గర పడుకోకపోతే ఈ రూలు వారం కూడా నిలవదు.

యాప్‌ల తాళాలను మరీ నమ్ముకోవద్దు. ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్లలో 16 ఏళ్లలోపు వాళ్లు రక్షణలు తగ్గించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. 16 నిండాక వాటిలో కొన్నింటిని వాళ్లే మార్చుకోగలరు.

లొకేషన్ విషయంలో ఇరవై నాలుగు గంటల నిఘా కన్నా, బయటికి వెళ్లినప్పుడు వాట్సాప్ లైవ్ లొకేషన్ పెట్టడం మీద ఒప్పందం తేలిగ్గా కుదురుతుంది. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు ఎంపికలుంటాయి. సినిమాకి 8 గంటలది పెట్టి, ఇంటికొచ్చాక ఆపేస్తే సరి.

ఇక మెసేజ్‌లు చదవడం. దొంగచాటుగా చూస్తే ఏదో ఒకరోజు తెలుస్తుంది, ఆ తర్వాత రెండో అకౌంట్ పుడుతుంది. ఎప్పుడు చూస్తారో ముందే చెప్పండి: "నీకు ప్రమాదం ఉందనిపిస్తే, నీ ముందే, నీతో కలిసి చూస్తాం." మీరు గదిలోకి రాగానే ఫోన్ బోర్లా పెట్టడం ప్రమాదం కాదు, అది వయసు. నోటిఫికేషన్ మోగగానే ముఖం పాలిపోవడం, కారణం చెప్పకుండా పదేపదే డబ్బులు అడగడం, తిండీ నిద్రా మానేయడం ప్రమాదం. ఎవరైనా ఫొటోలు పెట్టి బెదిరిస్తుంటే తిట్టకండి, డబ్బు పంపకండి, చాట్ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి 1930కి ఫోన్ చేయండి లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

కాగితం మీద రాయండి, శిక్ష చిన్నదిగా పెట్టండి

ఒక్క పేజీ చాలు, రాసేది పిల్లలే అయితే మంచిది. చెప్పకుండా ఆలస్యమైతే వచ్చేసారి అరగంట ముందు రావాలి. పదిన్నరకి ఫోన్ హాల్లోకి రాకపోతే మర్నాడు పదికే పెట్టాలి. నెల రోజులు ఫోన్ లాక్కోవడం లాంటివి వద్దు. బయట ఏదైనా జరిగితే మీకు ఫోన్ చేసే సాధనాన్నే తీసేసినట్టవుతుంది, పైగా మూడో రోజుకి మీకే జాలేసి ఇచ్చేస్తారు.

కింద ఒక తేదీ వేయండి, నెల తర్వాత మళ్లీ కూర్చోవడానికి. ఈలోగా చెప్పిన మాట తప్పకపోతే, సెలవు రోజున ఇంకో అరగంట కలపండి, అడగకముందే. పరీక్షల నెలలో ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది రాసుకోండి. అప్పుడు ఫోన్ పదికే హాల్లో పెట్టాల్సి రావచ్చు, సినిమాలు ఆగవచ్చు. పరీక్షలయ్యాక మళ్లీ పాత టైములకి ఎప్పుడు వస్తారో ఆ కాగితంలోనే రాయండి.