డైరెక్టర్ల బాధ్యతలు – మూడవ పాఠం: గిడ్డంగి అద్దె ఎవరి జేబులోకి?

డైరెక్టరు కంపెనీ సొమ్మును తన సొమ్ములా వాడుకోకూడదన్న సాధారణ సూత్రాన్ని గత పాఠంలో చూశాం. న్యాయస్థానాల తీర్పుల్లో ఫిడ్యూషియరీ డ్యూటీ అని కనిపించే ఈ విశ్వాస బాధ్యత, 2013 కంపెనీల చట్టంలోని 166వ సెక్షన్‌లో రాతపూర్వకంగా ఉంది. ఆ బాధ్యత ఎక్కడ, ఎలా ఉల్లంఘనగా మారుతుందో ఈ పాఠంలో ఒకే ఒక కల్పిత ఉదాహరణతో పరిశీలిద్దాం.

పటాన్‌చెరు దగ్గర మందులు తయారు చేసే ఒక పబ్లిక్ లిమిటెడ్ కంపెనీకి పదివేల చదరపు అడుగుల గిడ్డంగి కావాలి. బోర్డులోని ఒక డైరెక్టరు, ఆయన భార్య భాగస్వాములుగా ఉన్న సంస్థకు అలాంటి గిడ్డంగే ఉంది. ఆ ప్రాంతంలో అద్దె చదరపు అడుగుకు నెలకు 20 రూపాయలు నడుస్తున్నదనుకుందాం. బోర్డు మాత్రం 26 రూపాయలకు రెండేళ్ల లీజును ఆమోదించింది. గిడ్డంగి ఎవరిదో ఆ డైరెక్టరు చెప్పలేదు సరికదా, తీర్మానానికి అనుకూలంగా ఓటు కూడా వేశారు.

కంపెనీ నెలకు 60 వేలు, రెండేళ్లకు 14 లక్షల 40 వేలు ఎక్కువగా చెల్లించింది. అనుచిత లాభం పొందినట్లు తేలిన డైరెక్టరు ఆ లాభానికి సమానమైన మొత్తాన్ని కంపెనీకి చెల్లించాలని 166వ సెక్షన్ ఐదవ ఉపవిభాగం చెబుతుంది. అంతేకాక ఈ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే లక్ష నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. సొమ్ము చేరాల్సింది కంపెనీకే తప్ప, ఫిర్యాదు చేసిన వాటాదారుకు కాదన్నది చాలామంది మరచిపోయే సంగతి.

ఇప్పుడు లెక్కను కాస్త మార్చి చూడండి. అద్దె సరిగ్గా 20 రూపాయలే, కంపెనీ ఒక్క పైసా కూడా అదనంగా ఇవ్వలేదు. అయినా డైరెక్టరు చేసినది తప్పే. తనకున్న స్వప్రయోజనాన్ని ఆ సమావేశంలోనే వెల్లడించాలనీ, ఆ అంశంపై చర్చలో పాల్గొనకూడదనీ 184వ సెక్షన్ నిర్దేశిస్తుంది. వెల్లడించకుండా కుదిరిన ఒప్పందాన్ని కంపెనీ తలచుకుంటే రద్దు చేసుకోవచ్చు. నష్టం జరగలేదన్న వాదన ఇక్కడ నిలవదు, ఎందుకంటే ఇరువైపులా తానే ఉన్న మనిషి బేరం సరైనదేనని చెబితే, దాన్ని నమ్మడానికి కంపెనీ దగ్గర ఆధారమేమీ మిగలదు.

ప్రతి ఆర్థిక సంవత్సరం తొలి బోర్డు సమావేశంలో ఎంబీపీ-1 ఫారం ఇచ్చేశాం కదా, ఇక చాలు అనుకునే డైరెక్టర్లను నేను తరచూ చూస్తుంటాను. ఏయే సంస్థల్లో తనకు స్వప్రయోజనం ఉందో ఆ ఫారం చెబుతుంది కానీ, ఫలానా లీజు వెనక ఏముందో చెప్పదు. ఆ వివరం లీజు చర్చకు వచ్చిన రోజే బోర్డు ముందు పెట్టాలి. ప్రైవేటు కంపెనీల్లో మాత్రం, వెల్లడించిన తరువాత చర్చలో పాల్గొనే వెసులుబాటును 2015 జూన్‌లో కేంద్రం ఇచ్చింది. వెల్లడించే బాధ్యత నుంచి మాత్రం వాటికీ మినహాయింపు లేదు.

ఉల్లంఘన బయటపడేది ఎక్కువగా మినిట్స్ పుస్తకంలోనే. సంబంధిత డైరెక్టరు వెల్లడించినట్లు గానీ, చర్చ సమయంలో తప్పుకున్నట్లు గానీ ఒక్క వాక్యమైనా లేకుండా, ‘హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని మాత్రమే ఉంటే అక్కడ ఆగి చూడాలి. ఆ ప్రాంతపు అద్దెలపై మరెవరి కొటేషనూ జత చేయకపోతే అనుమానం బలపడుతుంది.

మరి మిగిలిన డైరెక్టర్ల మాటేమిటి? హైదరాబాదు పాఠకులకు సత్యం ఉదంతం గుర్తుండే ఉంటుంది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించి, మదుపరుల ఆగ్రహానికి జడిసి కొద్ది గంటల్లోనే ఉపసంహరించుకుంది. ఖాతాల్లో చూపిన లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు చూపడానికి అదే చివరి ప్రయత్నమని 2009 జనవరి 7 నాటి లేఖలో కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా రాశారు. నాటికి 166వ సెక్షన్ ఇంకా పుట్టలేదు. ఇప్పుడైతే, ఇతరులు తెచ్చిన ప్రతిపాదనను సహేతుకమైన జాగ్రత్తతో, స్వతంత్రంగా ఆలోచించి తూచాలని అదే సెక్షన్ మూడవ ఉపవిభాగం ప్రతి డైరెక్టరునూ కోరుతుంది. మన గిడ్డంగి కథలో ‘ఈ అద్దె ఎవరికి వెళ్తోంది, పక్క గిడ్డంగి ఎంత అడుగుతోంది’ అని అడగని డైరెక్టర్లు తాము పైసా తినలేదన్నంత మాత్రాన బయటపడలేరు. అయితే అన్నీ విచారించి తీసుకున్న నిర్ణయం తరువాత వికటిస్తే, అది తప్పుడు అంచనాయే గాని విశ్వాసభంగం కాదు.

అభ్యాసం: పై ఉదాహరణలో డైరెక్టరు భాగస్వామి కాకుండా, గిడ్డంగి పూర్తిగా ఆయన భార్య పేరు మీదే ఉంటే ఏమవుతుంది? 166వ సెక్షన్ ఐదవ ఉపవిభాగంలో ‘బంధువులు’ అన్న మాట ఎక్కడ వస్తుందో చదివి జవాబు రాసుకోండి. దాన్ని పట్టుకునే నాలుగవ పాఠంలో 188వ సెక్షన్‌లోకి వెళ్దాం.