బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్: రాతపరీక్ష దాటినవాళ్లు మౌఖిక పరీక్షలో ఎక్కడ ఆగిపోతున్నారు

పెద్దపల్లి, సుల్తానాబాద్, జమ్మికుంట, కరీంనగర్ వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఏళ్లుగా బాయిలర్ నడుపుతూ చేతిలో సర్టిఫికెట్ లేనివాళ్లు చాలామంది ఉన్నారు. పనిలో వాళ్లకు వంక పెట్టలేం. కానీ సర్టిఫికెట్ ఉన్న మనిషి బాధ్యతలో తప్ప బాయిలర్ నడపకూడదని 1923 నాటి చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2025 బాయిలర్ల చట్టమూ అదే చెబుతోంది. అందుకే రెండో తరగతి అటెండెంట్ పరీక్షకు కూర్చుంటున్నారు, గైడు చదివి రాతపరీక్ష దాటుతున్నారు, మౌఖికంలో వెనక్కి వస్తున్నారు. దీనికి కారణం చాలాసార్లు దరఖాస్తుతో పెట్టిన అనుభవ పత్రంలోనే దొరుకుతుంది.

ముందు తేలిక పనులు చెప్పుకుందాం. రాష్ట్ర బాయిలర్ల శాఖ పరీక్షకు ప్రకటన ఇస్తుంది. వయసు, చదువు, ఎన్నేళ్ల అనుభవం కావాలి, ఫీజు ఎంత అన్నవన్నీ అందులోనే ఉంటాయి. పుట్టిన తేదీకి ఆధారం, చదువు సర్టిఫికెట్లు, మెడికల్ ఫిట్‌నెస్, ఫొటోలు, ఫీజు కట్టిన రసీదు సిద్ధం చేసుకోండి. ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. వీటిలో ఏదీ మధ్యవర్తికి డబ్బిచ్చి చేయించాల్సిన పని కాదు.

అసలు చూసుకోవాల్సింది అనుభవ పత్రం. మిల్లు గుమాస్తా లెటర్‌హెడ్ మీద సాధారణంగా రాసిచ్చేది ఇలా ఉంటుంది: ‘ఫలానా వ్యక్తి మా మిల్లులో మూడేళ్లుగా 2 టన్నుల బాయిలర్ మీద నమ్మకంగా పనిచేస్తున్నాడు.’ ఇందులో పరీక్షకు పనికొచ్చే మాట దాదాపు ఏమీ లేదు. టన్ను అంటే గంటకు ఎంత ఆవిరి తీయగలదన్న లెక్క. బాయిలర్ల శాఖ బాయిలర్‌ను కొలిచేది హీటింగ్ సర్ఫేస్‌తో, అంటే మంట వేడి నీటికి చేరే లోహపు ఉపరితలం ఎన్ని చదరపు మీటర్లు ఉందన్న లెక్కతో. మీ మిల్లు బాయిలర్‌కు ఆ అంకె ఎంతో ఫారం 6లో ఉంటుంది. బాయిలర్ వాడుకోవడానికి ఇన్‌స్పెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ అదే. ఒకసారి ఇస్తే పన్నెండు నెలలకు మించి చెల్లదు. బాయిలర్ రిజిస్ట్రేషన్ నంబరు, రేటింగ్ పేరుతో ఆ హీటింగ్ సర్ఫేస్ అంకె, అనుమతించిన గరిష్ఠ పీడనం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో అన్నీ దాని మీద ఉంటాయి.

మిల్లు ఆఫీసులో ఫారం 6 ముందు పెట్టుకుని, దాన్ని చూస్తూ అనుభవ పత్రం రాయించండి. బాయిలర్ రిజిస్ట్రేషన్ నంబరు ఫారంలో ఉన్నట్టే ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైన పాత బాయిలర్ అయితే ఆ పాత నంబరే రాయాలి. బాయిలర్ ముందు భాగంలో చెక్కి ఉన్న నంబరుతో ఒకసారి సరిచూసుకోండి. హీటింగ్ సర్ఫేస్ చదరపు మీటర్లలో, పీడనం కేజీల్లో, అంటే చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేజీలని రాయాలి. మీరు ఏ హోదాలో పనిచేశారో, అంటే ఫైర్‌మనా, సహాయకుడా అన్నదీ, ఎవరి సర్టిఫికెట్ బాధ్యతలో చేశారో అదీ ఉండాలి. పని చేసిన కాలాన్ని ‘మూడేళ్లు’ అని వదిలేయకుండా మొదటి తేదీ, చివరి తేదీ రాయించండి. సంతకం యజమానిది గానీ మేనేజర్‌ది గానీ కావాలి, కింద పేరు, హోదా, ముద్ర ఉండాలి.

తేదీల దగ్గరే చిక్కు వస్తుంది. మన మిల్లులు సీజన్ మీద ఆధారపడ్డవి. ధాన్యం లేని నెలల్లో బాయిలర్ చల్లబడి ఉంటుంది, కొన్నిసార్లు ఫారం 6 గడువు ముగిసి కొత్తది రాకుండానే నెలలు గడుస్తాయి. ఫారం 6 చెల్లని ఆ నెలల్లో కూడా మీరు బాయిలర్ నడిపినట్టు పత్రంలో ఉంటే, అది మీ మీదా మిల్లు మీదా ప్రశ్నగా మారుతుంది. బాయిలర్ నంబరు వారీగా తనిఖీల రికార్డు శాఖ దగ్గరే ఉంటుంది. అందుకే వేరే మిల్లు పేరు మీద అనుభవ పత్రం ‘ఏర్పాటు చేస్తాం’ అనేవాళ్లతో పెద్ద ప్రమాదం. వాళ్లు ఇచ్చే కాగితంలో ఏ బాయిలర్ నంబరు ఉందో దాని గురించి మౌఖికంలో జవాబు చెప్పాల్సింది మీరు.

మౌఖికంలో గైడులోని ప్రశ్నలు మొదట రావు. పరీక్షకుల చేతిలో మీ అనుభవ పత్రమే ఉంటుంది, అక్కడినుంచే మాట మొదలవుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. పత్రంలో ఊకతో నడిచే బాయిలర్, 60 చదరపు మీటర్లు, 10.5 కేజీలు అని ఉందనుకోండి. ‘మీ బాయిలర్ ఎంత ప్రెషర్‌కు?’ అని అడుగుతారు. రోజూ మిల్లులో 6 కేజీల మీద నడుపుతున్న మనిషి ‘ఆరు’ అంటాడు. అబద్ధం కాదు గానీ అడిగింది అది కాదు. అనుమతించిన గరిష్ఠ పీడనం 10.5, మేం మామూలుగా 6 దగ్గర నడుపుతాం అని రెండూ విడిగా చెప్పాలి. వెంటనే ‘సేఫ్టీ వాల్వు ఎంతకు లేస్తుంది?’ అంటారు. 10.5 దాటకముందే లేవాలి. ప్రెషర్ గేజ్ మీద ఎర్ర గీత ఎక్కడ ఉంటుందంటే అదే 10.5 దగ్గర. గేజ్ కింద గొట్టం వంపు తిరిగి ఎందుకు ఉంటుందని కూడా అడగొచ్చు. ఆ వంపులో నిలిచిన నీళ్లు వేడి ఆవిరిని నేరుగా గేజ్ లోపలికి పోనివ్వవు.

ఆ తర్వాత వచ్చేది, బాయిలర్‌లో నీటి మట్టం చూపే నీటి గేజ్‌ను పరీక్షించే వరస. దీన్ని రోజూ చేత్తో చేస్తారు, నోటితో చెప్పమంటే వరస తప్పుతుంది. ఇంట్లో పైకి చెప్పుకుంటూ సాధన చేయండి. గాజుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి, ఎందుకంటే గాజు పగిలే అవకాశం ఉంటుంది. పైన ఆవిరి కాక్, కింద నీటి కాక్ రెండూ మూసి, డ్రెయిన్ కాక్ తెరవాలి. గాజులో ఉన్నది కారిపోయి ధార ఆగితే రెండు కాక్‌లూ గట్టిగా పడుతున్నట్టు. ఇప్పుడు నీటి కాక్ ఒక్కటే తెరిస్తే నీళ్లు విసురుగా రావాలి, వస్తే కింది దారి బాగున్నట్టు. దాన్ని మూసి ఆవిరి కాక్ తెరిస్తే ఆవిరి రావాలి. దాన్నీ మూసి డ్రెయిన్ మూసేయాలి. చివరగా ముందు నీటి కాక్ తెరవాలి, గాజు నిండా నీళ్లు ఎక్కుతాయి. ఆ తర్వాత ఆవిరి కాక్ తెరిస్తే నీళ్లు దిగి అసలు మట్టం దగ్గర నిలుస్తాయి.

ఈ వరస చెప్పగలిగితే తర్వాతి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది. ‘ఆవిరి దారి మూసుకుపోతే గాజులో ఏం కనిపిస్తుంది?’ నీళ్లు పైదాకా ఎక్కి అలాగే ఉంటాయి. లోపల తక్కువున్నా నిండుగా ఉన్నట్టు మోసం చేస్తుంది. నీటి దారి మూసుకుపోతే? బాయిలర్‌లో మట్టం మారినా గాజులో కదలిక ఉండదు, పైనుంచి ఆవిరి చల్లబడి నీరై మెల్లగా ఎక్కుతుంది కూడా. ఈ రెండూ తేడాతో చెప్పిన మనిషి పనివాడని పరీక్షకులకు అర్థమైపోతుంది.

ఎక్కువమంది పడిపోయే ప్రశ్న ఇంకొకటి. ‘గేజ్‌లో నీళ్లే కనిపించడం లేదు. ఏం చేస్తారు?’ కంగారులో నోటికి వచ్చే జవాబు ‘ఫీడ్ పంపు వేసి నీళ్లు ఎక్కిస్తాను’. ఆ ఒక్క మాటతో అప్పటిదాకా చెప్పిన మంచి జవాబులన్నీ తేలిపోతాయి. ముందు గేజ్‌ను పైన చెప్పినట్టు పరీక్షించి, నీళ్లు నిజంగానే లేవా, గేజ్ మూసుకుపోయిందా చూడాలి. నిజంగానే లేకపోతే ఊక ఫీడింగ్ ఆపాలి, ఫ్యాన్లు ఆపాలి, డ్యాంపర్ మూయాలి. చేత్తో మంట వేసే బాయిలర్ అయితే తడి బూడిద కప్పి మంట అణచాలి. నీళ్లు పంపకూడదు. నీళ్లు లేని చోట లోహం మంటకు కాలి మెత్తబడి ఉంటుంది, దాని మీద నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై పీడనం ఎగబాకుతుంది, లోహం హఠాత్తుగా ముడుచుకుని చీలుతుంది. సేఫ్టీ వాల్వు చేత్తో లేపకూడదు, స్టీమ్ వాల్వు ఒక్కసారి తెరవకూడదు. పీడనం తటాలున పడితే మిగిలిన నీళ్లు పొంగి ఆ కాలిన లోహం మీదికే వస్తాయి. బాయిలర్ మెల్లగా చల్లారేదాకా వదిలేసి, పైవాళ్లకు చెప్పి, తనిఖీ అయ్యేదాకా మంట వేయకూడదు.

మీ బాయిలర్ లోపల కొలిమి ఉన్న రకం అయితే ఇక్కడే ఫ్యూజిబుల్ ప్లగ్ ప్రశ్న వస్తుంది. కొలిమి పైకప్పులో బిగించే ప్లగ్ అది. నీళ్లు దిగి అది బయటపడగానే మధ్యలోని మెత్తని లోహం కరిగి, ఆవిరీ నీళ్లూ మంట మీద పడి అణచుతాయి. మీ బాయిలర్‌కు ఉందో లేదో, ఎక్కడ ఉందో పరీక్షకు ముందే చూసుకోండి. గైడులో చదివి ‘ఉంది’ అని చెప్పి, మీ బాయిలర్ రకానికి అది ఉండదని తేలితే ఇబ్బంది.

మన దగ్గర బోరు నీళ్లు కఠినం కాబట్టి సాఫ్ట్‌నర్ గురించి అడగడం మామూలే. ఉప్పు ఎందుకు వేస్తారు అంటే ‘నీళ్లు శుభ్రం కావడానికి’ అని ఆపేయొద్దు. కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ నిండిపోతుంది, ఉప్పునీటితో కడిగితే అది మళ్లీ పనికి వస్తుంది. ఆ పని తప్పితే ట్యూబుల మీద స్కేల్ కడుతుంది, వేడి నీటికి చేరదు, ఊక ఎక్కువ కాలుతుంది, ట్యూబు వేడెక్కి ఉబ్బుతుంది.

జవాబులు తెలుగులోనే అర్థమయ్యేలా చెప్పవచ్చు. భాగాల పేర్లు మాత్రం మిల్లులో వాడే పేర్లే వాడండి: గేజ్ గ్లాస్, బ్లోడౌన్, ఫీడ్ చెక్ వాల్వు. తెలియనిది అడిగితే తెలియదనడం మేలు. ఊహించి చెప్పిన తప్పు భద్రతకు సంబంధించినదైతే చాలా బరువు పడుతుంది.

పరీక్ష రోజు అసలు అనుభవ పత్రం, ఫారం 6 జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. వాటిలోని నంబరు, చదరపు మీటర్లు, పీడనం నోటికి వచ్చేలా ఉండాలి. ‘బోర్డులో మన మనిషి ఉన్నాడు, మౌఖికం చూసుకుంటాడు’ అని హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఎవరైనా డబ్బు అడిగితే, ఆ డబ్బు తిరిగి రాదనే అనుకోండి. పై ప్రశ్నలకు జవాబు మీ బదులు అతను చెప్పలేడు.

మీరు పనిచేసిన మిల్లు మూతపడినా, చేతులు మారినా అనుభవం పోదు. అప్పటి యజమాని లేదా మేనేజర్ సంతకం, ఆ కాలపు ఫారం 6 కాపీ, హాజరు లేదా జీతం రికార్డు, పీఎఫ్ ఉంటే ఆ పాస్‌బుక్ కలిపి పెట్టండి. కొత్త యజమాని తనకు ముందున్న ఏళ్లకు సంతకం పెడితే అది నిలవదు. ఆ ఏళ్లకు పాత యజమాని దగ్గరికే వెళ్లాలి, సీజన్ మొదలై అందరూ ధాన్యం హడావిడిలో పడకముందే వెళ్లండి.