హోటల్లో పనివాళ్లు నిలవడం లేదా? ముందు డ్యూటీ షీటు మార్చండి

అనంతపురంలో టిఫిన్లు, మీల్స్ పెట్టే మా హోటల్లో ఆరుగురు సప్లయర్లు ఉండేవాళ్లు. ఒక ఏడాదిలో ఆ ఆరు చోట్లలోకి పదకొండు మంది వచ్చి వెళ్లిపోయారు. జీతం చాలక పోతున్నారనుకుని రెండుసార్లు పెంచాను. అయినా ఆగలేదు. చివరికి మానేస్తున్న ఒకతన్ని కూర్చోబెట్టి అడిగాను. "జీతం గురించి కాదన్నా. పిల్లోడు మేలుకోనుండంగా నేను వాన్ని చూసి నెలయింది" అన్నాడు. పొద్దున 5.30కి వచ్చేవాడు, రాత్రి 10.30కి పోయేవాడు. మధ్యాహ్నం రెండు గంటలు గ్యాప్ ఇచ్చేవాళ్లం. కానీ వాళ్ల ఊరు బస్సులో ముప్పావు గంట దూరం. ఆ రెండు గంటల్లో అతను ఇంటికి పోయి రాలేడు, గోడౌన్‌లో బియ్యం మూటల మీద పడుకునేవాడు.

అందుకే నేను డ్యూటీ టైములతో మొదలుపెట్టమంటాను. జీతం, భోజనం, ఎదుగుదల తర్వాత వస్తాయి.

మొదట ఒక నోటు పుస్తకం

గత ఏడాది మానేసిన ప్రతి ఒక్కరి పేరు, చేరిన తేదీ, పోయిన తేదీ, చేసిన పని రాయండి. ఎన్ని రోజులున్నారో లెక్క కట్టండి. మొదటి నెలలోనే పోయినవాళ్లు ఎక్కువుంటే డ్యూటీ గంటల్లో గానీ, పనిలోకి తీసుకున్నప్పుడు చెప్పిన మాటల్లో గానీ తేడా ఉన్నట్టు. ఆరు నెలలు, ఏడాది చేసి పోయినవాళ్లు ఎక్కువుంటే జీతం పెరగక, పైస్థాయి పని నేర్చుకునే దారి లేక పోతున్నట్టు. మా పదకొండు మందిలో ఏడుగురు నెల తిరక్కుండానే పోయారు.

కారణం వాళ్లనే అడగండి. పోయే రోజు అడిగితే "ఊర్లో పని ఉంది" అంటారు. పది రోజులాగి ఫోన్ చేస్తే అసలు సంగతి చెబుతారు.

గ్యాప్ డ్యూటీ తీసేయడం

బిల్లింగ్ మిషన్‌లో గంటకు ఎన్ని బిల్లులు పడుతున్నాయో రెండు వారాలు చూడండి. మాకు పొద్దున 7.30 నుంచి 10 దాకా, మధ్యాహ్నం 12.30 నుంచి 2.30 దాకా, రాత్రి 7 నుంచి 9 దాకా రష్. మిగతా టైములో ఆరుగురు సప్లయర్లలో ముగ్గురు ఊరికే నిలబడి ఉండేవాళ్లు. ఖాళీగా నిలబెట్టిన ఆ గంటలనే వాళ్లకు ఇంటి దగ్గర గడిపే గంటలుగా తిరిగి ఇవ్వాలి.

మేం వేసిన షీటు ఇలా ఉంది. పొద్దున ఇద్దరు 6కి వచ్చి 2.30కి దిగుతారు. ఒకరు 7కి వచ్చి 3.30కి దిగుతారు. ఒకరు మధ్యాహ్నం 12.30 నుంచి రాత్రి 9 దాకా. ఇద్దరు 2.30కి ఎక్కి 11కి షట్టర్ వేసి పోతారు. ప్రతి డ్యూటీలో అరగంట భోజనం పోను పని 8 గంటలు. రోజుకు ఆరు డ్యూటీలు, వారానికి 42. ఒక్కొక్కరు వారానికి ఆరు రోజులే చేస్తారు కాబట్టి ఏడుగురు కావాలి. ఏడుగురు, ఏడు రోజులు: రోజుకొకరికి వారం సెలవు సరిగ్గా సరిపోతుంది. వారానికి పని 48 గంటలు దాటదు. చట్టం పెట్టిన హద్దు కూడా అదే.

ఒక మనిషి పెరిగాడు కదా, ఖర్చు మాటేంటి? పాతవాళ్ల జీతాల్లో పైసా తగ్గించలేదు. కొత్త మనిషికి జీతం 14,000, భోజనం ఇంకో 2,500, అంటే నెలకు 16,500. ఏడాదికి 1,98,000. మరి పాత పద్ధతిలో ఒక మనిషి మానేసినప్పుడల్లా పోయిందెంత? తిరిగి రాని అడ్వాన్స్ సగటున 4,000. కొత్తవాడు పని పట్టుకునేదాకా రెండు వారాల జీతంలో సగం వృథా, సుమారు 3,250. మనిషిని తెచ్చినవాడికి, రానుపోను ఛార్జీలకు ఇంకో 1,750. మొత్తం 9,000. పదకొండు మందికి 99,000. అంటే మానేయడాలు పూర్తిగా ఆగినా మనకు పైన పడేది ఏడాదికి 99,000, రోజుకు సుమారు 270 రూపాయలు. ఖర్చు లేకుండా అయిపోతుందని నేను చెప్పను. కానీ రోజుకు ఐదారు దోశల ధరకు అలవాటైన చేతులు టేబుళ్ల దగ్గర ఉంటాయి.

ఈ షీటులో ఒక లోటు ఉంది. మీల్స్ రష్‌లో పాత ఆరుగురి బదులు నలుగురే ఉంటారు. ఆ రెండు గంటలు నేనే సాంబారు బకెట్ పట్టుకుని తిరుగుతున్నాను. మీ హోటల్లో మీల్స్ గిరాకీ ఇంకా ఎక్కువైతే, 12 నుంచి 4 దాకా మాత్రమే చేసే మనిషిని చూసుకోండి. ఇంటి దగ్గర పనులు ముగించుకుని వచ్చే ఆడవాళ్లకు ఆ టైము బాగా కుదురుతుంది.

షీటు నడవాలంటే మూడు సంగతులు తప్పకూడదు. వచ్చే సోమవారం నుంచి ఉండే డ్యూటీలు గురువారానికే గోడ మీద అంటించాలి, వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాలి. రాత్రి 11కి షట్టర్ వేసినవాళ్లకు మర్నాడు పొద్దున 6 డ్యూటీ వేయకూడదు, మధ్యలో ఏడు గంటలే మిగులుతాయి. పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఆఖరి బస్సు టైము అడిగి తెలుసుకున్నాకే రాత్రి డ్యూటీ రాయాలి.

మన జిల్లాలో ఇంకొకటి చూసుకోవాలి. అక్టోబర్, నవంబర్‌లలో వేరుశనగ పీకుడు ఉంటుంది. పొలం ఉన్నవాళ్లు వారం పది రోజులు ఊరికి పోవాల్సిందే. సెలవివ్వకపోతే చెప్పకుండా పోతారు, తిరిగొచ్చే ముఖం లేక ఇంకో హోటల్లో చేరతారు. సెప్టెంబర్‌లోనే ఎవరికి ఏ వారం కావాలో అడిగి రాసుకోండి. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లకు ఇఫ్తార్ వేళకు అరగంట ఖాళీ ముందే షీటులో చూపించండి.

జీతం కంటే అడ్వాన్స్ దగ్గరే తెగుతుంది

హోటల్ లైన్‌లో మనిషిని కట్టిపడేయడానికి పెద్ద అడ్వాన్స్ ఇస్తారు. అది పనిచేయదు. 20,000 బాకీ ఉన్న మనిషికి పని చేసి తీర్చడం కంటే రాత్రికి రాత్రి బెంగళూరు బస్సెక్కడం సులువు. మేం అడ్వాన్స్‌ను సగం నెల జీతానికి మించనివ్వం. నాలుగు నెలల్లో సమానంగా పట్టుకుంటాం. లెక్క పుస్తకం ఒకటి వాళ్ల దగ్గరే ఉంటుంది. అలాగే "పారిపోకుండా" పదిహేను రోజుల జీతం ఆపి ఉంచే అలవాటు కూడా మానేశాం. అట్లా ఆపితే మన మీద నమ్మకం మొదటి నెలలోనే పోతుంది.

జీతం ఎప్పుడు, ఎంత పెరుగుతుందో చేరిన రోజే కాగితం మీద రాసివ్వండి. మా దగ్గర మూడు నెలలకు 500, ఆరు నెలలకు ఇంకో 500, ఏడాదికి 1,000. అడిగితేనే పెంచే చోట గట్టిగా అడిగేవాడికే పెరుగుతుంది, నెమ్మదస్తుడు చెప్పకుండా మానేస్తాడు. నెలంతా సెలవు పెట్టకపోతే బోనస్ అనే పద్ధతి మాత్రం పెట్టకండి. మేం పెట్టి తప్పు చేశాం. ఆ డబ్బు పోతుందని జ్వరంతో, విరేచనాలతో కూడా పనిలోకి వచ్చారు. తిండి వడ్డించే చోట అది ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

టిప్పులకు ఒకే డబ్బా పెట్టి, రోజూ రాత్రి ఇద్దరి ముందు తెరిచి, ప్లేట్లు కడిగేవాళ్లకు కూడా వాటా వేయండి. పదిమంది, అంతకు మించి పనిచేసే హోటల్లో నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ కట్టాలి. 14,000 జీతానికి యజమాని వాటా 3.25 శాతం, అంటే 455 రూపాయలు. పనివాడి వాటా 0.75 శాతం, 105 రూపాయలు. "చేతికి తక్కువొస్తుంది" అని మొదట గొడవ పడతారు. కుటుంబానికి కూడా వైద్యం దొరుకుతుందని విడమరిచి చెప్పి, కార్డు చేతికిచ్చేదాకా ఆ పని మనమే చూడాలి.

పనివాళ్ల భోజనం

వంటగది తలుపు వెనక ఎవరైనా నిలబడి గబగబా వడ తింటూ కనబడితే దొంగతనం అని అరవకండి. భోజనం టైము తప్పిందని అర్థం. మేం పొద్దున 5.45కి టీ, బన్ను ఇస్తాం. 10.45 నుంచి 11.30 లోపల రెండు జట్లుగా కూర్చుని తింటారు. సాయంత్రం డ్యూటీ వాళ్లకు రష్ మొదలవక ముందే, 5.30కి పెడతాం. ఆ కాసేపు టేబుల్ పని ఎవరూ చెప్పరు.

మిగిలిపోయిన ఇడ్లీలు, పొద్దున్నుంచి కాగిన సాంబారు పెడితే అది భోజనం కిందికి రాదు. అన్నం, పప్పు, చారు వాళ్ల కోసమే వండాలి. వారానికి రెండుసార్లు గుడ్డు, ఒకసారి రాగి సంగటి, పల్లీల చట్నీ, ఆదివారం చికెన్. సరిగ్గా ఉందో లేదో చెత్త బకెట్ చెబుతుంది: అన్నం అందులో పడుతోందంటే వంట బాగాలేదు. నేను కూడా అదే గిన్నెలోంచి తింటాను కాబట్టి చారులో ఉప్పు తగ్గితే ఆ రోజే తెలుస్తుంది.

దోశ పెనం దాకా దారి

సప్లయర్లకు షీటు కుదిరాక కూడా ఒకరికి మాత్రం వారం సెలవు దొరకలేదు: దోశ మాస్టర్. పెనం దగ్గర నిలబడగలిగేది ఆయనొక్కడే. ఆయన జ్వరంతో మూడు రోజులు రాకపోతే దోశల గిరాకీ మొత్తం పోయింది. అందుకే ప్రతి పనికీ ఇద్దరు తెలిసినవాళ్లు ఉండాలని పెట్టుకున్నాం. పని నేర్పడం, సెలవు ఇవ్వగలగడం రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

మధ్యాహ్నం 3.30 నుంచి 5 దాకా పెనం ఖాళీ. వడలు, పూరీలు చూసే హెల్పర్‌కు ఆ టైములో దోశ నేర్పించాం. మొదట పెనం వేడి చూడటం, నీళ్లు చల్లి తుడవడం, తర్వాత పిండి తిప్పడం. పాడైన దోశల ఖర్చు హోటల్‌దే, నేర్చుకునేవాడి జీతంలో కోయకూడదు. రెండు నెలలకు సాయంత్రం తక్కువ గిరాకీలో, తర్వాత ఆదివారం రష్‌లో నిలబెట్టాం. రష్‌లో గంటసేపు ఒక్కడే నడిపితే పాసైనట్టు. ఆ నెల నుంచే జీతం 3,000 పెరగాలి. పని పెంచి జీతం తర్వాత చూద్దామంటే, మనం నేర్పిన పని పట్టుకుని వేరే చోటికి పోతాడు.

మాస్టర్‌కు ఒక భయం ఉంటుంది: నేర్పితే నన్ను తీసేస్తారేమో అని. అందుకే సగం సగం నేర్పుతారు. నేర్చుకున్నవాడు పాసైన రోజు మాస్టర్‌కు 2,000 ఇస్తామని, వారం సెలవు మొదలవుతుందని ముందే చెప్పాం. ఆయన అప్పటి నుంచి దగ్గరుండి నేర్పాడు.

ఇంత చేసినా కొందరు పోతారు. బెంగళూరు హోటళ్లు ఇచ్చే జీతం మనం ఇవ్వలేం, 44వ నంబరు హైవే మీద నాలుగైదు గంటల ప్రయాణమే. షీటు మార్చాక ఏడాదిలో మా ఏడుగురు సప్లయర్లలో ముగ్గురు మారారు. అందులో ఒకరు బెంగళూరు పోయారు. పదిహేను రోజుల ముందు చెప్పి, అడ్వాన్స్ లెక్క తీర్చి, తన చోటికి వాళ్ల ఊరి అబ్బాయిని తెచ్చి పని చూపించి మరీ వెళ్లారు.