ఆవలింతలతో మొదలై నీరసంతో ముగిసే మైగ్రేన్: నొప్పికి ముందు రోజు, తర్వాతి రోజు ఏం చేయాలి

మైగ్రేన్ అంటే నెత్తి పగిలిపోయే ఆ నొప్పి ఒక్కటే అనుకుంటాం. మందు వేసుకోకపోతే ఆ నొప్పి 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. కానీ దాడి మొదలయ్యేది అంతకన్నా ముందే. కొందరిలో కొన్ని గంటల ముందు, కొందరిలో రెండు రోజుల ముందు మొదలవుతుంది. నొప్పి పోయాక కూడా ఒకటి రెండు రోజులు సాగుతుంది. ముందు దశను డాక్టర్లు ప్రోడ్రోమ్ అంటారు, తర్వాతి దశను పోస్ట్‌డ్రోమ్ అంటారు. మన ఇళ్లలో మాత్రం ఈ లక్షణాలను వేరే ఖాతాల్లో రాసేస్తారు. ఆవలింతలు వస్తే దిష్టి, కోపం వస్తే స్వభావం, తర్వాతి నీరసం గోళీల వేడి.

మిర్యాలగూడలో జాకెట్లు కుట్టే ఒకామె ఉంది. వయసు ముప్పై దాటింది. కుడి పక్క నొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, అన్నీ మైగ్రేన్ లక్షణాలే, డాక్టర్ కూడా అదే చెప్పారు. కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లోనే ఆమె మూడు నెలలు డైరీ రాసింది. ఆ డైరీ చూసుకుంటూ ఒక్కో సమస్యా విప్పుదాం.

సమస్య: రాత్రి నిద్ర బాగానే పట్టింది, అయినా పొద్దుగూకే వేళ ఆవలింతలు ఆగుతలేవు

ఇంట్లో మొదట వినిపించే మాట దిష్టి. ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తారు. తీసే అత్తమ్మకు కూడా ఆవలింతలొస్తే "చూసినవా, దిష్టి ఎంత గట్టిగుందో" అంటారు. ఒకరి ఆవలింత చూస్తే ఇంకొకరికి రావడం మామూలే. అసలు చిక్కు ఆ పొగతోనే. ఈ దశలో ఘాటు వాసనలు పడని వాళ్లు చాలామంది. నొప్పికి ముందే ఆ గది వాళ్లకు భరించరానిది అవుతుంది.

కారణం: మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. నిద్ర, ఆకలి, దాహం, మూత్రం, ఒంటి వేడి, ఇవన్నీ దాని అదుపులో ఉండే పనులు. 2016లో జర్మనీ పరిశోధకులు ఒక మైగ్రేన్ రోగి మెదడును రోజూ స్కాన్ చేస్తూ 30 రోజులు గమనించారు. నొప్పి మొదలవడానికి ముందటి రోజే హైపోథాలమస్ పనితీరు మారడం కనిపించింది. ఆవలింతలకు డోపమిన్ అనే రసాయనంతో కూడా సంబంధం ఉంది. ఆవలింతలు, తీపి మీద మనసు, మాటిమాటికీ మూత్రం, ఇవన్నీ ఒకేసారి రావడానికి కారణం ఆ కంట్రోల్ రూమ్‌లో మొదలైన కలతే. అంటే ఆవలింత నొప్పిని తెచ్చిపెట్టడం లేదు, అప్పటికే మొదలైన దాడిలో అది బయటికి కనిపించిన మొదటి ముక్క.

సరిచేసుకునే దారి: ముందు మామూలు కారణాలు చూసుకోవాలి. నిద్ర చాలకపోవడం, గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బు, జలుబు గోళీలు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కూడా ఆవలింతలు తెస్తాయి. అవి రోజూ ఉంటాయి, లేదా మందు మొదలుపెట్టిన నాటి నుంచి ఉంటాయి. మైగ్రేన్ ఆవలింతలు గుంపుగా వచ్చి, నొప్పి వచ్చి పోయాక కొన్నాళ్లు మాయమవుతాయి.

తర్వాత డైరీ. దీన్ని నొప్పి వచ్చాక గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు. నొప్పి ఉన్నా లేకపోయినా, రోజూ రాత్రి అన్నం తిన్నాక రెండు గుర్తులు పెట్టాలి: ఇవాళ ఏ హెచ్చరిక కనిపించింది, ఇవాళ నొప్పి ఉందా. నొప్పి రాని రోజుల హెచ్చరికలు కూడా లెక్కలోకి రావాలి కాబట్టి ఈ పట్టుదల తప్పదు.

మన టైలరమ్మ డైరీలో మూడు నెలల్లో ఆవలింతల సాయంత్రాలు తొమ్మిది. వాటిలో ఐదింటికి మాత్రమే తెల్లారేసరికి నొప్పి వచ్చింది. అంటే ఆవలింత ఒక్కటే చూసి చెప్పడం దాదాపు బొమ్మా బొరుసే. కానీ అవే తొమ్మిదిలో ఆరు సాయంత్రాలు మెడ కూడా పట్టేసింది, నొప్పి వచ్చిన ఐదూ ఆ ఆరులోనివే. కనుక ఆమెకు నమ్మదగిన గుర్తు ఆవలింత, మెడ పట్టడం రెండూ కలవడం. ఏ హెచ్చరికా లేకుండా వచ్చిన నొప్పి కూడా ఒకటి ఉంది, అలాంటివి చాలామందికి ఉంటాయి. ఇంకొకరికి ఈ జత వేరేలా ఉండొచ్చు.

మెడ గురించి ఒక మాట. మర్రిగూడ వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వాళ్లలో మెడ, నడుము బిగుసుకుపోయే వాళ్లున్నారు. అది రోజూ ఉండే బిగుతు, ఏళ్ల మీద పెరుగుతుంది. మైగ్రేన్‌ది వచ్చి పోతుంది. జ్వరంతో పాటు మెడ వంచలేకపోతే ఈ రెండూ కావు, అది వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం.

సమస్య: స్వీటు తిన్న ప్రతిసారీ తలనొప్పి వస్తుంది

"జిలేబీ తిన్న, తెల్లారి నొప్పి లేసింది, ఇగ జిలేబీ బంద్." ఇలా ఒక్కొక్కటీ మానేస్తూ పోయి చాక్లెట్, బెల్లం, మిర్చి బజ్జీ అన్నీ నిషేధం అయిన ఇళ్లు చూస్తుంటాం. చాలాసార్లు లెక్క తలకిందులైంది. ముందు దశలో తీపి మీదో ఉప్పు కారం మీదో మనసు లాగుతుంది, తింటాం, కొన్ని గంటలకు నొప్పి వస్తుంది. ఆ నొప్పి తినకపోయినా వచ్చేదే. తినాలనిపించడమే దాడిలో భాగం.

తేల్చుకోవడానికి పరీక్ష కష్టమేం కాదు. ఏ హెచ్చరికా లేని రోజు అదే జిలేబీ తిని చూడాలి. వేర్వేరు వారాల్లో నాలుగైదు సార్లు తిన్నా నొప్పి రాకపోతే జిలేబీ తప్పు లేదు. ఆరోజు దానికోసం మనసు లాగుతూ ఉండకూడదు, ఎవరో తెస్తే తినాలి. పరీక్ష చెల్లేది అలాంటప్పుడే. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం ఈ పరీక్ష వద్దు.

హెచ్చరిక కనిపించిన రోజు చేయాల్సింది తిండి మానడం కాదు, వేళకు తినడం. ఖాళీ కడుపు చాలామందిలో మైగ్రేన్‌ను రేపుతుంది. శనివారం ఒక్క పొద్దు ఉండేవాళ్లు శుక్రవారం సాయంత్రం ఆవలింతలు మొదలైతే ఆ వారానికి మినహాయింపు తీసుకోవడం మంచిది. చాయ్ రోజూ ఎంత తాగుతారో అంతే తాగాలి. నిద్రమత్తు పోవాలని మరో మూడు కప్పులు తాగితే రాత్రి నిద్ర చెడి అదొక కొత్త కారణం అవుతుంది.

సమస్య: గొడవ పడ్డాకే నొప్పి వస్తుంది

ఇదీ అలాంటి తలకిందుల లెక్కే. టైలరమ్మ డైరీలో ఒక రోజు: "హుక్కులు తప్పు కుట్టిందని పిల్లను తిట్టిన. ఏడ్పొచ్చింది. మెడ గుంజుతాంది." మర్నాడు పొద్దుగాల నొప్పి. ఇంట్లో వాళ్ల తీర్పు, కోపం చేసుకుంటే రాదా మరి అని. ఒత్తిడి నొప్పిని రేపగలదు, అది నిజమే. కానీ ఆ చిరాకు ఆవలింతలతో, మెడతో కలిసి వచ్చిందంటే అది ముందు దశ చిరాకే. కొందరికి దిగులు వస్తుంది. ఇంకొందరికి ఉల్టా, ఎక్కడలేని హుషారొచ్చి ఇల్లంతా సర్దేస్తారు.

దీనికి మందు లేదు. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి పెట్టడం, బేరాలు, పంచాయితీలు మరో రోజుకు వాయిదా వేయడం, అంతే. ఆమె ఇప్పుడు "ఇయ్యాల నా మెడ బాగలేదు" అంటే భర్త ఆ పూట లెక్కల మాట ఎత్తడు.

సమస్య: హెచ్చరిక తెలిసింది, గోళీ ఎప్పుడు వేసుకోవాలి?

ఆవలింత రాగానే పెయిన్‌కిల్లర్ మింగడం చాలామంది చేసే తప్పు. పైన చూసినట్టు తొమ్మిదింట నాలుగుసార్లు ఆమెకు నొప్పే రాలేదు, ఆ నాలుగు గోళీలూ వృథా. డాక్టర్ రాసిచ్చిన మందు, అది పారాసిటమాల్ కావచ్చు, న్యాప్రోక్సెన్ కావచ్చు, సుమాట్రిప్టాన్ కావచ్చు, నొప్పి మొదలై ఇంకా కొద్దిగా ఉన్నప్పుడే వేసుకోవాలి. ముదిరాక జీర్ణాశయం కదలిక మందగిస్తుంది, మింగిన గోళీ ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది, వాంతి అయితే అది కూడా పోతుంది. హెచ్చరిక వల్ల వచ్చే అసలు లాభం ఇక్కడుంది: గోళీ, నీళ్ల సీసా సంచిలో ఉంటాయి, నల్లగొండ బస్సు మధ్యలో ఉండగా నొప్పి లేచినా అప్పుడే వేసుకోవచ్చు. న్యాప్రోక్సెన్ కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు పనికిరాదు. సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లు గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు వద్దు.

ముందు దశలోనే వేసుకునే మందు మీద 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. ఉబ్రోజెపాంట్ అనే ఆ మందు 100 మిల్లీగ్రాములు వేసుకున్నప్పుడు 46 శాతం సందర్భాల్లో తర్వాతి 24 గంటల్లో ఓ మోస్తరు నొప్పి గానీ తీవ్రమైన నొప్పి గానీ రాలేదు. ఉత్తుత్తి గోళీ వేసుకున్నప్పుడు అది 29 శాతం. పనిచేస్తుంది, కానీ అందరికీ కాదు. పైగా ఆ పరీక్షకు తీసుకున్నది తమ హెచ్చరికలను నమ్మకంగా గుర్తుపట్టగలిగిన వాళ్లనే. డైరీ లేకుండా ఆ దారి కూడా లేదు.

సమస్య: నొప్పి పోయింది, కానీ ఒంట్లో పీకేసినట్టుంది, బుర్ర పనిచేయట్లేదు

వంగినా దగ్గినా తలలో నొప్పి ఉన్నచోట కలుక్కుమంటుంది. మెడ ఇంకా బిగుసుకునే ఉంటుంది. చెప్పాలనుకున్న మాట నోటికి రాదు. ఎక్కువమందికి ఒక రోజులో, కొందరికి రెండు రోజుల్లో తగ్గుతుంది.

"గోళీల వేడి" అనే తీర్పులో కొంత నిజం ఉంది, కొన్ని మందులు మత్తు తెస్తాయి. కానీ ఏ గోళీ వేసుకోని వాళ్లకూ ఈ నీరసం వస్తుంది. నొప్పి ఆగినంత మాత్రాన మెదడులో మొదలైన కలత అంతా సద్దుమణగదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు నీరసానికి కూడా మళ్లీ పెయిన్‌కిల్లర్ వేసుకోవడం. అది నొప్పి మందు, నీరసాన్ని తగ్గించదు. పైగా పారాసిటమాల్, న్యాప్రోక్సెన్ లాంటివి నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు 10 రోజులు, ఆ లెక్కన గానీ అంతకు మించి గానీ మూడు నెలలకు పైగా వాడితే మందుల వల్లే తరచూ తలనొప్పి పట్టుకోవచ్చు. లెక్క గోళీలది కాదు, రోజులది. ఒకే రోజు రెండు వేసుకున్నా అది ఒక రోజే.

చేయాల్సినవి చిన్నవి. పెరుగన్నం, జొన్న గటక లాంటి తేలిక తిండి, నీళ్లు, మజ్జిగ, వేళకు నిద్ర. మే నెల ఎండలో ఆరోజు బయటి పనులు పెట్టుకోవద్దు. పనిని పూర్తిగా ఆపలేనివాళ్లు రకం మార్చుకోవచ్చు. టైలరమ్మ నొప్పి తర్వాతి రోజు కత్తెర పట్టదు. అలాంటి ఒక రోజు పెళ్లి జాకెట్టు చంక కొలత ఒక అంగుళం తక్కువ కోసేసింది, పట్టు బట్ట, అతుకు వేసినా కనపడుతుంది. ఇప్పుడు ఆరోజుకు హుక్కులు, కాజాలు, చీరల ఫాల్స్ మిగిల్చి పెట్టుకుంటుంది. కటింగ్ మరుసటి రోజు.

నీరసం రెండు రోజులు దాటినా, నొప్పి 72 గంటలకు తగ్గకపోయినా డాక్టర్‌ను కలవాలి. క్షణాల్లో విరుచుకుపడిన నొప్పి, చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, 50 దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి అయితే ఆగకుండా పెద్దాసుపత్రికే. నెలకు నాలుగు రోజులకు మించి నొప్పి ఉంటే, రాకుండా ముందుగా రోజూ వాడే మందుల గురించి డాక్టర్‌ను అడగొచ్చు. వెళ్లేటప్పుడు డైరీ పట్టుకెళ్లాలి, అందులో గోళీ వేసుకున్న రోజులకు కూడా గుర్తు పెట్టి ఉండాలి.