సప్లయర్‌కి కట్టిన డబ్బు రిపేర్ల ఖాతాలో పడితే

ఒక పచ్చళ్ల యూనిట్ లెక్కలు చూస్తుండగా ఎదురైన పొరపాటు ఇది. అంకెలు సులువుగా ఉండేలా మార్చాను, జరిగిన తీరు మాత్రం అదే. ప్లాస్టిక్ డబ్బాలు సప్లై చేసే ఆయన జూన్ 12న బిల్లు ఇచ్చాడు. సరుకు 40,000, దాని మీద జీఎస్టీ 7,200, మొత్తం 47,200. జూలై 9న బ్యాంకు నుంచి నెఫ్ట్‌లో ఆ డబ్బు వెళ్లిపోయింది. అక్టోబరులో చూస్తే మా పుస్తకాల్లో ఆయనకి ఇంకా 47,200 బాకీ ఉన్నట్టే ఉంది. ఆయనేమో "మీ లెక్క ఎప్పుడో క్లియర్ అయిపోయింది సార్" అన్నాడు.

లక్షణం: బాకీ లేని చోట బాకీ

ముందుగా ట్రయల్ బ్యాలన్స్ చూస్తాం. అది చక్కగా సరిపోతుంది. ఒక ఖాతాలో పడాల్సిన డెబిట్ ఇంకో ఖాతాలో పడినా మొత్తం మొత్తమే కదా. బ్యాంకు రీకన్సిలియేషన్ కూడా సరిపోతుంది, ఎందుకంటే బ్యాంకు వైపు ఎంట్రీలో తప్పేమీ లేదు. అందుకే ఈ తప్పు నెలల తరబడి దాక్కుంటుంది.

బయటపడేది రెండు చోట్ల. ఒకటి, సప్లయర్ ఇచ్చిన స్టేట్‌మెంట్‌ని మన లెడ్జర్ పక్కన పెట్టినప్పుడు. రెండోది, ఖర్చు ఖాతాని నెలవారీగా చూసినప్పుడు. ఈ యూనిట్‌లో మిషన్ల రిపేర్లు మామూలుగా నెలకి ఐదారు వేలు దాటవు. జూలైలో ఒక్కసారిగా యాభై వేలు దాటాయి. మిషన్ మారలేదు, పెద్ద రిపేరు జరిగిందని ఎవరికీ గుర్తు లేదు.

కారణం

ఎంట్రీలు వేసే కుర్రాడు బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని పేమెంట్ వోచర్లు వేశాడు. ఆ లైనులో యూటీఆర్ నంబరు తప్ప సప్లయర్ పేరు సరిగా లేదు. అదే వారం ఫిల్లింగ్ మిషన్‌కి మెకానిక్ వచ్చి వెళ్లాడు. అందుకే ఇది రిపేరు డబ్బే అనుకుని `Machinery Repairs` డెబిట్ చేసేశాడు. అర్థం కాని లైనుని సస్పెన్స్ ఖాతాలో పెట్టి మర్నాడు ఓనరుని అడిగి ఉంటే ఈ గొడవే లేదు.

సరిచేసే ముందు ఒక్క ప్రశ్న: బిల్లు ఎక్కిందా?

చాలామంది తొందరపడేది ఇక్కడే. డబ్బాల ఖర్చు రిపేర్లలో పడింది కాబట్టి `Packing Material` డెబిట్, `Machinery Repairs` క్రెడిట్ అని జర్నల్ కొట్టేస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ జూన్ 12నే బిల్లు పర్చేజ్‌లో ఎక్కింది. డబ్బాల ఖర్చు 40,000 అప్పుడే పడింది, జీఎస్టీ క్రెడిట్ కూడా అప్పుడే వచ్చింది. ఇప్పుడు ఆ జర్నల్ వేస్తే డబ్బాల ఖర్చు రెండోసారి పడుతుంది, సప్లయర్ బాకీ అలాగే ఉంటుంది. తప్పు పోలేదు, ఇల్లు మారిందంతే.

బిల్లు ముందే ఎక్కి ఉంటే, పేమెంట్ తాకాల్సింది సప్లయర్ ఖాతాని. ఏ ఖర్చు ఖాతాతోనూ దానికి పని లేదు. కాబట్టి ముందు సప్లయర్ లెడ్జర్ తెరిచి, ఆ బిల్లు నంబరు క్రెడిట్ వైపు ఉందో లేదో చూడాలి.

పరిష్కారం: బిల్లు ఎక్కి ఉంటే

టాలీలో `F7` నొక్కి జర్నల్ వోచర్ తీసుకుని ఇలా వేయాలి:

```
Jar Supplier A/c   Dr  47,200
  To Machinery Repairs A/c  47,200
```

సప్లయర్ లైను దగ్గర బిల్లు వివరాలు అడిగినప్పుడు `Agst Ref` ఎంచుకుని జూన్ 12 బిల్లునే చూపించాలి. `On Account` అని వదిలేస్తే లెడ్జర్ నిల్వ సున్నా అవుతుంది గానీ, బకాయి బిల్లుల రిపోర్టులో ఆ బిల్లు పెండింగ్‌లోనే వేలాడుతుంది. నెరేషన్‌లో అసలు పేమెంట్ తేదీ, యూటీఆర్ నంబరు, పాత వోచర్ నంబరు రాయండి. ఆరు నెలల తర్వాత ఆడిటర్ అడిగితే మనకే గుర్తుండదు.

పాత పేమెంట్ వోచర్‌నే తెరిచి ఖాతా మారిస్తే సరిపోదా అంటే, సొంత వ్యాపారంలో, ఆ నెల లెక్కలు ఎవరికీ ఇవ్వకముందైతే మార్చుకోవచ్చు. కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పూ నమోదయ్యే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. మారిస్తే ఆ జాడ ఉండిపోతుంది. అదేమీ నేరం కాదు, కానీ కారణం రాసి ఉన్న జర్నలే చూసేవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది.

వేశాక రెండు లెడ్జర్లూ తెరిచి చూడండి. సప్లయర్ నిల్వ సున్నాకి రావాలి, రిపేర్లు 47,200 తగ్గాలి. రిపేర్లలో ఈ ఒక్క లావాదేవీ 94,400 అయి కూర్చుంటే డెబిట్, క్రెడిట్ తారుమారు చేశారన్నమాట. తొందరలో ఇది అందరికీ జరిగేదే.

బిల్లు అసలు ఎక్కకపోతే

అప్పుడు ముందు పర్చేజ్ వోచర్ వేయాలి. డబ్బాలు 40,000, సీజీఎస్టీ 3,600, ఎస్‌జీఎస్టీ 3,600 డెబిట్, సప్లయర్ 47,200 క్రెడిట్. ఆ తర్వాత పైన చెప్పిన జర్నలే. రెండు మెట్లు ఎందుకంటే, 47,200 మొత్తాన్నీ ఒక ఖర్చు నుంచి ఇంకో ఖర్చుకి తోసేస్తే అందులోని 7,200 పన్ను క్రెడిట్ ఖర్చులో కలిసిపోతుంది. ఆ బిల్లు జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తోందో లేదో కూడా చూసుకోండి. ఆ సంవత్సరపు క్రెడిట్ తీసుకోవడానికి గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది.

మార్చి 31 దాటితే

ఈ తప్పుని మార్చిలోపు పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, చిన్న పరిశ్రమగా నమోదైన సప్లయర్‌కి 45 రోజుల్లోపు (ముందుగా ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపు) కట్టని డబ్బు, కట్టిన సంవత్సరంలోనే ఖర్చుగా చెల్లుతుంది. మనం కట్టింది 27వ రోజునే. ఒప్పందం ప్రకారం గడువులోనే ఉన్నాం. కానీ పుస్తకాల్లో మార్చి 31న బాకీ కనిపిస్తే, ఆడిటర్ దాన్ని కట్టని డబ్బుగానే చూస్తాడు. అటు రిపేర్ల లెడ్జర్‌లో ఒకే పేమెంట్ 30,000 దాటి కనిపిస్తే టీడీఎస్ ఎందుకు పట్టలేదని అడుగుతాడు. ఒక్క తప్పుకి రెండు ప్రశ్నలు.

ఖాతాలు సంతకాలైపోయాక బయటపడితే పాత తేదీతో జర్నల్ వేయకండి. బిల్లు ఎక్కి, ఖర్చు రెండుసార్లు పడిన కేసులో పోయినేడాది లాభం 47,200 తక్కువ చూపించినట్టే. ఈ ఏడు సప్లయర్ డెబిట్ చేసి, క్రెడిట్‌ని గత సంవత్సరాల సవరణల కింద విడిగా చూపించాలి. ఆదాయపు పన్ను రిటర్నుని సవరించాలా అన్నది ఆడిటర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

అలా కాకుండా, జీఎస్టీ లేని బిల్లు, పేమెంట్‌తోనే ఖర్చు రాసేశాం, ఒక ఖర్చు బదులు ఇంకో ఖర్చులో పడిందంతే అనుకుందాం. ఇది పాత సంవత్సరంలో దొరికితే ఈ ఏడు జర్నల్ ఏమీ వేయనక్కర్లేదు. ఆ రెండు ఖాతాలూ లాభనష్టాల్లోకి వెళ్లి మూసుకుపోయాయి, లాభం మారలేదు. ఇప్పుడు పట్టుబట్టి వేస్తే ఈ ఏడాది రిపేర్ల ఖాతాలో నిల్వ మైనస్‌లోకి పోవచ్చు.