తెలుగు చెవికి వినిపించినదాన్ని ఇంగ్లిష్ వ్యాసంలో సాక్ష్యంగా పెట్టడం ఎలా?

"ఈ పద్యం చదువుతుంటే ఇంపుగా ఉంటుంది" అని ఇంగ్లిష్ వ్యాసంలో రాస్తే, తెలుగు రానివాళ్ల చేతికి ఏమీ చిక్కదు. ఆ ఇంపు ఏ అక్షరం దగ్గర పుట్టిందో చూపిస్తే వాళ్లూ వినగలరు. అందరికీ నోటికొచ్చిన వేమన పద్యాన్నే తీసుకుందాం.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

ముందు పైకి చదివి, చెవి ఆగిన చోట గీత గీయండి. నాకైతే 'ఉప్పు', 'కప్పు' దగ్గర ఆగుతుంది. పోలిక ఉందని చెప్పే పాదంలో ఆ రెండు మాటలూ ఒకేలా మోగుతున్నాయి.

ఇది నిజంగా శబ్దం పనేనా, బడిలో వల్లెవేసిన అలవాటా? తేల్చుకోవడానికి మాట మార్చి చూడండి. కప్పురం తీసి కర్పూరం పెడితే అర్థం అలాగే ఉంటుంది, మోత పోతుంది. అంటే మీ చెవి చెప్పింది నిజమే. ఈ మార్పిడిని వ్యాసంలో కూడా చూపించండి, తెలుగు రానివాళ్లకు అంతకన్నా తేలికైన రుజువు లేదు.

తర్వాత ఛందస్సును అడగాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. ఇది ఆటవెలది. పాదం మొదటి అక్షరంతో, నడుమ ఒక నియమిత చోట ఉన్న అక్షరం శబ్దంలో కలవాలి, అదే యతి. మొదటి పాదంలో 'ఉ'కీ, 'నొక్క'లోని 'ఒ'కీ యతి కుదిరింది, కాబట్టి 'ప్పు' మళ్లీ రావాలని ఛందస్సు అడగలేదు. రెండో పాదంలో చూడ, జాడ కలవడం ప్రాసయతి, అంటే ఆ అక్షరాలకు బదులు వాటి పక్క అక్షరాలు కలవడం. అక్కడ యతి కుదిరిందే దానివల్ల. అందుకే వాదన బరువు మొదటి పాదం మీదే వేయండి. రెండోదాన్ని కూడా కవి చమత్కారమని రాస్తే, ఛందస్సు తెలిసినవారు ఒక్క మాటతో కొట్టేస్తారు.

ఇక నుడికారం. తెలుగులో రుచి చూస్తాం. "కూరలో ఉప్పు చూడు" అంటే నాలుక మీద వేసుకోమనే. అందుకే 'చూడ చూడ' వెంటనే 'రుచుల' అని వింటే, చూపు నుంచి నాలుకకు జారినట్టు అనిపిస్తుంది. వంటింటి వాక్యాన్ని అర్థంతో సహా వ్యాసంలో ఇవ్వండి, "మా భాషలో ఇలా అంటారు" అని ఊరుకోకండి. అయితే వ్యాకరణం ప్రకారం ఇక్కడ 'చూడ చూడ' అంటే చూడగా చూడగా అనే, రుచి దానికి కర్మ కాదు. కాబట్టి దీన్ని మాట వెనక స్ఫురించే సూచన అనండి, అర్థం అనకండి.

రాసేటప్పుడు పాదాలను రోమన్ లిపిలో ఇచ్చి, కింద మాటకు మాట అర్థం, ఆ తర్వాత సాఫీ అనువాదం పెట్టండి. ఒత్తు పోకుండా పీ అక్షరం రెండుసార్లు రాయాలి, లేకపోతే మీ సాక్ష్యమే కనిపించదు. మీరు తెలుగు వింటూ పెరిగారన్న సంగతికి ఒక్క వాక్యం చాలు. "వేమన ఉద్దేశం ఇదీ" అని మాత్రం వద్దు. ఈ పద్యాలు నోటినోటా తిరిగినవి, పాఠాంతరాలు ఉంటాయి. ఏ అచ్చుప్రతి పాఠం వాడారో చెప్పి, దాని గురించే మాట్లాడండి.