పేరు లేని చార్ట్ స్క్రీన్‌షాట్‌ను చదవడం ఎలా?

మా మేనల్లుడు ఒక సాయంత్రం వాట్సాప్‌లో చార్ట్ బొమ్మ ఒకటి పంపి, “మావయ్యా, ఇది ఇంకా పడుతుందా?” అని అడిగాడు. పైన ఉండవలసిన పేరూ టైమ్‌ఫ్రేమూ కత్తిరింపులో పోయాయి. కుడి పక్కన 21,200 నుంచి 23,400 వరకు అంకెలు, కింద గంటల గుర్తులు, మధ్యలో ఒక్కొక్క కాలవ్యవధిలో ధర ఎలా కదిలిందో చూపే ఎరుపు, ఆకుపచ్చ క్యాండిల్స్ మాత్రమే మిగిలాయి. ఇటువంటి బొమ్మ రాగానే చాలామంది ముందుగా పేరును ఊహిస్తారు. నేను పేరును చివరికి వదిలేస్తాను, ఎందుకంటే స్కేలు, కాలం తేలితే పేరు వెతకవలసిన చోటు చాలా చిన్నదవుతుంది.

మొదట కుడి పక్క అంకెలను కొలవండి

అక్షం మీద మూడు అంకెలు తీసుకుని వాటి మధ్య దూరాలను స్కేలుతోనో వేలితోనో పోల్చండి. 10,000 నుంచి 20,000 వరకు ఉన్న దూరమే 20,000 నుంచి 30,000 వరకు కూడా ఉంటే అది సాధారణ స్కేలు. అలా కాక, ఆ దూరం 20,000 నుంచి 40,000 వరకు ఉన్న దూరానికి సమానమైతే అది లాగ్ స్కేలు. సాధారణ స్కేలులో సమాన దూరం సమాన పాయింట్లను చూపిస్తుంది, లాగ్ స్కేలులో సమాన శాతాన్ని చూపిస్తుంది.

ఈ తేడా ఎంత మోసం చేయగలదో సెన్సెక్స్ దీర్ఘకాలిక చార్టులో తెలుస్తుంది. 2008 జనవరిలో 21,206 దాకా వెళ్లిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 7,697కు దిగింది, అంటే సుమారు 13,500 పాయింట్లు పోయాయి. 2020లో జనవరి గరిష్ఠం 42,273 నుంచి మార్చిలో 25,638కి పడినప్పుడు పోయినవి 16,600 పాయింట్ల పైమాటే. సాధారణ స్కేలు మీద 2020 పతనమే పొడుగ్గా కనిపిస్తుంది. శాతంలో చూస్తే మాత్రం 2008లో పడినది 64 శాతానికి దగ్గర, 2020లో 39 శాతం. స్కేలు చూడకుండా “ఇంత పెద్ద పతనం మునుపెన్నడూ లేదు” అన్నవాడు బొమ్మ పొడుగును చదివాడే తప్ప పతనాన్ని చదవలేదు.

మేనల్లుడి బొమ్మలో 200 పాయింట్లకొక గుర్తు, అన్నీ సమాన దూరంలో ఉన్నాయి. ఇంత ఇరుకైన పరిధిలో రెండు స్కేళ్లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, ఇక్కడ ఆ ప్రశ్న మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు. అయితే అక్షం సున్నా నుంచి మొదలుకాలేదన్న సంగతి గమనించాలి. తెరకు సరిపడేలా సాఫ్ట్‌వేర్ సాగదీసినప్పుడు ఒక శాతం కదలిక కూడా కొండచరియ విరిగినట్టు కనిపిస్తుంది. అందుకే గీత ఏటవాలును చూసి ఏమీ చెప్పకండి, అంకెలనే తీసివేసి భాగించండి. అంకెలు పై నుంచి కిందికి పెరుగుతుంటే చార్టు తిరగేసి ఉందని, అంకెల పక్కన శాతం గుర్తు ఉంటే అది ధర కాదని అర్థం. అక్షమే కత్తిరింపులో పోయి ఉంటే ఎంత కదిలిందో చెప్పే దారి లేదు. పూర్తి బొమ్మ అడగడమే పని.

తరువాత క్యాండిల్స్ లెక్కపెట్టండి

మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో షేర్ల ట్రేడింగ్ ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు, అంటే 375 నిమిషాలు నడుస్తుంది. కాబట్టి ఒక రోజు గుంపులో 75 క్యాండిల్స్ ఉంటే 5 నిమిషాల చార్టు, 25 ఉంటే 15 నిమిషాలది, 7 ఉంటే గంటది. గంట చార్టులో చివరి క్యాండిల్ 15 నిమిషాలదే కాబట్టి తరచూ పొట్టిగా ఉంటుంది. రోజుకూ రోజుకూ మధ్య గ్యాప్ ఎక్కడ పడిందో చూస్తే గుంపు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. గ్యాపులే లేకుండా శని, ఆదివారాల్లో కూడా సాగితే అది బిట్‌కాయిన్ వంటిది అయ్యే అవకాశం ఎక్కువ. కింద గంటలకు బదులు నెలల పేర్లు ఉంటే, రెండు పేర్ల మధ్య 20 లేదా 22 క్యాండిల్స్ రోజువారీ చార్టును, 4 లేదా 5 వారపు చార్టును సూచిస్తాయి.

రెండు చోట్ల ఈ లెక్క తప్పుతుంది. దీపావళి ముహూరత్ ట్రేడింగ్ గంటసేపే ఉంటుంది కనుక 15 నిమిషాల చార్టులో ఆ రోజుకు నాలుగే క్యాండిల్స్ వస్తాయి. నిజానికి అది తేదీని పట్టిచ్చే చక్కని గుర్తు. రెండవది, చార్టులో సమయ మండలం మారి ఉండటం. గ్రీనిచ్ సమయంలో మన 9:15 కాస్తా 3:45 అవుతుంది, వేసవిలో డల్లాస్ నుంచి వచ్చిన బొమ్మలో ముందు రోజు రాత్రి 22:45 అవుతుంది. అది చూసి విదేశీ మార్కెట్ అనుకోకుండా, గుంపు మొత్తం ఎన్ని నిమిషాలుందో చూడండి.

మేనల్లుడి బొమ్మలో రెండు గుంపులు, ఒక్కొక్కదానిలో 25 క్యాండిల్స్ ఉన్నాయి. అంటే 15 నిమిషాల చార్టు, రెండు రోజులది.

ఇప్పుడు పేరు, అదీ సరిపోల్చి

స్థాయిని బట్టి పేరు చెప్పడం ప్రమాదకరం. 24,000 అన్న ఒక్క అంకెనే తీసుకోండి: 2016 ఆరంభంలో సెన్సెక్స్ ఆ చుట్టుపక్కలే ఉంది, 2020 అక్టోబరులో బ్యాంక్ నిఫ్టీ ఉంది, 2024 జూన్ చివర్లో నిఫ్టీ దాన్ని మొదటిసారి దాటింది. మన బొమ్మకు కూడా పోటీదారు ఉంది, ఎందుకంటే 2020 మార్చిలో బ్యాంక్ నిఫ్టీ 23,000, 21,000 స్థాయుల మీదుగానే కిందికి జారింది.

అందుకే బొమ్మలో అన్నిటికన్నా వింతగా ఉన్న చోటును పట్టుకోవాలి. ఇక్కడ రెండవ రోజు 23,180 దగ్గర మొదలై, 21,280 దాకా పడి, కొంత కోలుకుని 21,880 దగ్గర ముగిసింది. ఒక్క రోజులో పై నుంచి కిందికి 8 శాతానికి పైగా దిగడం సూచీలకు అరుదు. అనుమానం ఉన్న సూచీల రోజువారీ చరిత్ర తెరిచి ఈ మూడు అంకెలూ ఒకే తేదీన కలిసి వస్తాయా అని వెతికితే, లోక్‌సభ ఫలితాలు వెలువడిన 2024 జూన్ 4న నిఫ్టీ దొరికింది: ప్రారంభం 23,179.50, కనిష్ఠం 21,281.45, ముగింపు 21,884.50. ఒక అంకె కలిస్తే యాదృచ్ఛికం కావచ్చు, మూడూ కలిస్తే నమ్మవచ్చు. ఆకారం సరిపోయి అంకెలు మాత్రం పదుల పాయింట్లు తేడాగా ఉంటే, అది సూచీ కాదు, దాని ఫ్యూచర్స్ కావచ్చు.

బొమ్మ షేరుదైతే ఇంకొక జాగ్రత్త అవసరం. రిలయన్స్ 2024 అక్టోబరులో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. సర్దుబాటు చేయని చార్టులో ఆ రోజు ధర సగానికి కూలినట్టు కనిపిస్తుంది, సర్దుబాటు చేసిన చార్టులో ఆ గ్యాప్ ఉండదు, పాత ధరలన్నీ సగమై ఉంటాయి.

చదివినదాన్ని తిరిగి రాసి పంపండి

అభిప్రాయం అడిగినవాడికి మొదటి జవాబుగా నేను పంపింది ఇదే: “నువ్వు పంపింది 2024 జూన్ 3, 4 తేదీల నిఫ్టీ అనుకుంటున్నాను. 15 నిమిషాల క్యాండిల్స్, సాధారణ స్కేలు, రెండవ రోజు నష్టం ముందు రోజు ముగింపు మీద 5.93 శాతం. నువ్వు అడిగింది దీని గురించేనా, లేక ఇవాళ్టి మార్కెట్ గురించా?” కాసేపటికి జవాబు వచ్చింది. ఎవరో గ్రూపులో పెడితే ఇవాళ్టిదే అనుకుని పంపాడట.